ఆ కథల్లో మేనేజర్ ఎక్కడున్నాడు?

ప్రశ్న: నేను తొమ్మిది మంది ఉన్న టీమ్‌కి మేనేజర్ని. ఆరు నెలల కిందట సెరిబ్రల్ పాల్సీ ఉన్న కుర్రాడు చేరాడు. పని బాగా చేస్తాడు. మాట నెమ్మది, కొన్ని మాటలు నాకు అర్థం కావు. నేనే అందుకుని పూర్తి చేసేస్తుంటాను. పోయిన వారం మీటింగ్‌లో "ఇతన్ని చూసి మనమంతా నేర్చుకోవాలి" అని చప్పట్లు కొట్టించాను. సాయంత్రం "దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి సార్" అని మెసేజ్ పెట్టాడు. అప్పట్నుంచి అతనితో మాట్లాడాలంటేనే బెరుకు. వైకల్యం ఉన్నవాళ్ళు రాసిన పుస్తకాలు చదవమని మా ఆవిడ అంటోంది. ఏవి చదవను మేడమ్? అతనికీ ఒకటి బహుమతిగా ఇవ్వనా?

జవాబు: బహుమతి ఆలోచన మానుకోండి. ఎడమ చేతివాటం ఉన్నవాడికి ఎడమ చేతివాటం మీద పుస్తకం కొనిచ్చినట్టుంటుంది. చదవాల్సింది మీరు. మీరు చదువుతున్నట్టు అతనికి తెలియాల్సిన పనీ లేదు.

ఈ విషయం మీద పుస్తకాలకేం కొదవ లేదు. కొనేముందు రాసింది ఎవరో చూడండి. తల్లో, డాక్టరో రాసినదాంట్లో వాళ్ళ కష్టం ఉంటుంది, అది వేరే సంగతి. మీక్కావాల్సింది ఆ శరీరంతో బతికిన మనిషి చెప్పిన కథ. అది దొరికినా చదవడంలో ఒక చిక్కుంది. నేను చిన్నప్పుడు, చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ ఆత్మకథ చదివి, బావి పంపు నీళ్ళు చేతిమీద పడి ఆవిడకి మాటకి అర్థం తెలిసిన చోట ఏడ్చాను, పుస్తకం మూశాను, అంతే. 1903లో ఆ పుస్తకం వచ్చేనాటికి ఆవిడ ఇంకా కాలేజీ చదువులోనే ఉంది. తర్వాత సోషలిస్టు పార్టీలో చేరిందనీ, దశాబ్దాలపాటు ఉపన్యాసాలిస్తూ తిరిగిందనీ నాకు చాలా ఏళ్ళకుగానీ తెలియలేదు. కన్నీళ్ళు పెట్టుకునే పాఠకురాలికి ఆ సంగతులు అక్కర్లేదు కదా! మీరు చప్పట్లు కొట్టించింది కూడా ఇలాంటి చదువుతోనే. అందుకే ఈ మూడు పుస్తకాల్లో హీరోని కాసేపు పక్కన పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళ మీద కన్నేయండి. మీరు కనిపించేది అక్కడే.

ముందు అమెరికా లాయరు హేబెన్ గిర్మా ఆత్మకథ 'హేబెన్', 2019లో వచ్చింది. ఆవిడకి చూపూ వినికిడీ రెండూ చాలా తక్కువ. కాలేజీ భోజనశాలలో మెనూ కాగితం మీద అచ్చువేసి పెట్టేవారు, ఆవిడ చదవలేదు. ఈమెయిల్‌లో పంపితే తన కంప్యూటర్‌లో చదువుకుంటానంది. మెయిల్ ఒకరోజు వచ్చేది, ఒకరోజు వచ్చేది కాదు. అడిగితే మేనేజర్ "ఇంతమంది విద్యార్థులున్నారు, చాలా పనుల్లో ఉన్నాం" అన్నాడు. అన్నం దొరుకుతోంది కదా అని ఆవిడా కొన్నాళ్ళు సర్దుకుంది. చివరికి వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టం చదివి, కోర్టుకెళ్తానని రాసింది. అప్పుడు మేనేజర్ క్షమాపణ చెప్పాడు, మెయిల్ రోజూ రావడం మొదలైంది. మరుసటేడు చూపులేని ఇంకో విద్యార్థి చేరితే, అతను అడగాల్సిన పని లేకుండా మెనూ అందింది.

ఆ మేనేజర్ దుర్మార్గుడేం కాదు. బహుశా ఆవిడంటే గౌరవం కూడా ఉండేదేమో. లేనిదల్లా రోజూ ఒక మెయిల్ కొట్టే అలవాటు. మీ మీటింగుల్లో అలాంటి మెయిల్ ఏదో వెతకండి. చర్చించే అంశాలు ముందురోజే అందరికీ పంపుతున్నారా? మాట నెమ్మదిగా వచ్చే మనిషికి చెప్పదలుచుకున్నది ముందే రాసిపెట్టుకునే వీలు దానివల్లే దొరుకుతుంది. ఒక్కడికే పంపకండి, తొమ్మిది మందికీ పంపండి.

రెండోది జాన్ డొమినిక్ బోబీ 'ది డైవింగ్ బెల్ అండ్ ది బటర్‌ఫ్లై'. ఒక ఫ్రెంచి పత్రికకి సంపాదకుడాయన. 1995 డిసెంబరులో పక్షవాతం వచ్చి ఒళ్ళంతా చచ్చుబడింది, ఎడమ కంటి రెప్ప ఒక్కటే కదిలేది. ఎదుటివాళ్ళు అక్షరాలు ఒక్కొక్కటే చదివేవారు, ఫ్రెంచిలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు వచ్చేలా. కావాల్సిన అక్షరం రాగానే ఆయన రెప్ప కొట్టేవాడు. పుస్తకమంతా అలాగే చెప్పి రాయించాడు. 1997లో అది అచ్చయిన కొద్దిరోజులకే పోయాడు.

అందులో ఈ అక్షరాల పద్ధతి గురించి రెండు మూడు పేజీల అధ్యాయం ఉంది. మిగతా పుస్తకం చదవకపోయినా అది మటుకు రెండుసార్లు చదవండి. చూడ్డానికి వచ్చినవాళ్ళని ఆయన రకాలుగా విడదీశాడు. కంగారుపడేవాళ్ళు అక్షరాలు గబగబా చదివి గందరగోళం చేస్తారు. జాగ్రత్తపరులు చివరి అక్షరం దాకా ఆగుతారు, మధ్యలో ఊహించరు. ఆలస్యమవుతుంది, కానీ పొరపాటు రాదు. తొందరపడేవాళ్ళ సంగతికి ఆయన ఇచ్చిన ఉదాహరణ వినండి. ఫ్రెంచిలో కళ్ళజోడుని లునెత్ అంటారు, చంద్రుణ్ణి లూన్ అంటారు, రాతలో మొదటి నాలుగక్షరాలూ ఒకటే. ఆయన కళ్ళజోడు అడగబోతే, ఎదుటి మనిషి నాలుగో అక్షరం దగ్గరే ఆగి, చంద్రుడితో ఏం చేసుకుంటారని అడిగారట!

మీరు అతని వాక్యం అందుకుని పూర్తి చేసిన ప్రతిసారీ ఇలా చంద్రుణ్ణి తెచ్చిచ్చే అవకాశం ఉంది. ఎదురుగా ఉన్నది మేనేజర్ కాబట్టి చాలాసార్లు అతను "అవును సార్" అని సరిపెట్టుకుని ఉంటాడు. వాక్యం అయ్యేదాకా ఆగండి. అర్థం కాకపోతే అయినట్టు తలూపకండి, మొత్తం మళ్ళీ చెప్పమనీ అనకండి. అర్థమైనంత వరకు మీరు తిరిగి చెప్పి, తెలియని ముక్క ఒక్కటే అడగండి. "రిపోర్టు శుక్రవారానికి ఇస్తానన్నారు, దానికి ముందు ఎవరో చూడాలన్నారు, ఎవరు?" అంటే అతను చెప్పాల్సింది ఒక్క పేరే. అప్పటికీ అందకపోతే టైప్ చేస్తారా అని అడగొచ్చు. అలా చేయడం అతనికి ఇష్టమో కాదో ముందే ఒకసారి కనుక్కోండి.

మూడోది రాబర్ట్ మర్ఫీ 'ది బాడీ సైలెంట్', 1987. కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం ఆచార్యుడు, అమెజాన్ అడవుల్లో ఆదివాసీల మధ్య ఉండి పరిశోధన చేసినవాడు. వెన్నుపాములో కణితి వల్ల శరీరం క్రమంగా చచ్చుబడితే, అదే పరిశోధకుడి కళ్ళతో తన ఆఫీసువాళ్ళని చూశాడు. మధ్యమధ్య పుస్తకం బరువుగా ఉంటుంది, సిద్ధాంతం వచ్చినచోట పేజీలు దాటేయండి, తప్పేం లేదు. చక్రాల కుర్చీలో క్యాంపస్‌కి వెళ్ళిన కొత్తలో జరిగింది మాత్రం వదలకండి. తెలిసినవాళ్ళు ఆయన వైపు చూడలేదు. ఎదురుపడితే తలూపేపాటి పరిచయం ఉన్నవాళ్ళు కూడా ఎటో చూస్తూ వెళ్ళిపోయారు. వాళ్ళందరికీ ఆయనంటే కోపం ఉందా? లేదు. ఏం మాట్లాడాలో తెలియలేదు, అంతే. మీరిప్పుడు బెరుకు అంటున్నారే, కుర్చీలోంచి చూస్తే అది ఇలా కనిపిస్తుంది.

ఒక్క మాట. ఈ ముగ్గురూ లాయరు, సంపాదకుడు, ప్రొఫెసరు. పుస్తకం రాయగలిగే వీలున్నవాళ్ళ కథలే మన దాకా వస్తాయి. పైగా ముగ్గురిలో ఎవరికీ సెరిబ్రల్ పాల్సీ లేదు. కావాలనే అలా ఎంచాను. అది ఉన్నవాళ్ళ పుస్తకమే ఇస్తే, అందులో మనిషిని తెచ్చి మీ కుర్రాడికి తగిలిస్తారేమోనని నా అనుమానం.

పుస్తకాలు పూర్తయ్యేదాకా ఆగకండి. ఈరోజే అతని మెసేజ్‌కి జవాబు ఇవ్వండి. మీ బెరుకు సంగతి అందులో వద్దు, అది మీ ఆవిడ వినే సంగతి. రెండు వాక్యాలు చాలు: "ఆ రోజు అలా చేయడం నా తప్పు, ఇకమీదట జరగదు. మీరు చేసిన పని గురించి నా అభిప్రాయం రేపు మీకు విడిగా చెప్తాను." రేపు కూర్చున్నప్పుడు ఏ ఫైల్లో ఏది బాగుందో, ఏది సరిచేయాలో చెప్పండి. సరిచేయాల్సింది కూడా తప్పకుండా చెప్పండి. ఆరు నెలల్లో మీరు అతనికి ఆ మాట ఒక్కసారైనా చెప్పారో లేదో చూసుకోండి.