పాము కరిచి చనిపోయింది ఎవరు?

అయ్యా, మా బడి గోడపత్రికకు ఒక పిల్లవాడు ‘రైతును పాము కరిచి చనిపోయాడు’ అని రాసుకొచ్చాడు. తప్పని దిద్దాను. ‘వర్షం కురిసి చెరువు నిండింది అంటే ఒప్పే కదా టీచర్, అందులోనూ ఇద్దరు కర్తలే’ అన్నాడు. వాడికేం చెప్పాలి?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, పలమనేరు

మీ పిల్లవాడు గట్టి ప్రశ్నే వేశాడు. వాడి తప్పు తప్పే, కానీ వాడు అనుకుంటున్న చోట కాదు.

‘సమానకర్తృకయోః పూర్వకాలే’ అన్నాడు పాణిని. రెండు పనులకూ కర్త ఒకడే అయితే, ముందు జరిగిన పనికి క్త్వా ప్రత్యయం వస్తుందని. మన చేసి, వచ్చి, చూసి అనే రూపాలకు క్త్వార్థకాలనే పేరు అక్కణ్ణించి వచ్చిందే. పేరుతో పాటు నియమాన్నీ తెచ్చుకున్నాం గానీ తెలుగు దానికి పూర్తిగా లొంగలేదు. వర్షం కురిసి చెరువు నిండుతుంది. గాలి వీచి మామిడికాయలు రాలతాయి. ముందు పని కారణమై, తర్వాతది దానంతట అది జరిగేదైతే కర్తలు వేరైనా మన చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. ‘బస్సు వచ్చి నేను ఎక్కాను’ అని మాత్రం ఎవరూ అనరు. ఎక్కడం నా ఇష్టంతో నేను చేసే పని కాబట్టి ‘బస్సు వచ్చాక ఎక్కాను’ అనాల్సిందే.

చనిపోవడం ఇష్టంతో చేసే పని కాదు. అందుచేత ‘పాము కరిచి రైతు చనిపోయాడు’ నిక్షేపంలాంటి వాక్యం. మీవాడు చేసిన పొరపాటల్లా రైతును ‘రైతును’ చేసి, కరవడానికి కర్మగా వాడేసుకోవడం. ఇక చనిపోయాడనే క్రియకు కర్త మిగల్లేదు. వాక్యంలో ప్రథమా విభక్తిలో కనిపించేది పాము ఒక్కటే. ‘చనిపోయాడు’లోని డు చూసి మనం సర్దుకుంటున్నాం, అంతే. రైతు బదులు ఆవు అని పెట్టి చూడమనండి: ‘ఆవును పాము కరిచి చనిపోయింది.’ ఏది చనిపోయింది? తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకూ, పశువులకూ, వస్తువులకూ క్రియ ఒక్కటే కాబట్టి ‘అమ్మాయిని కుక్క కరిచి చనిపోయింది’ అన్నా అదే గొడవ. మగవాడి గురించి రాసినప్పుడు దాగిన తప్పు ఆడపిల్ల గురించి రాసేసరికి బయటపడుతుంది. పిల్లలకు నేనిచ్చే పరీక్ష ఇదే. పేరు మార్చి చదివినా అర్థం నిలబడాలి. దిద్దడం సులువు. చనిపోయినవారిని ప్రథమలో పెట్టి, చివరి క్రియకు దగ్గరగా తీసుకురావాలి.

క్త్వార్థకం కొంత చూసీచూడనట్టు పోనిస్తుంది. ఎక్కుతూ, వెళ్తూ లాంటి శత్రర్థకం పోనివ్వదు. ‘అలిపిరి మెట్లు ఎక్కుతూ చిరుత కనిపించింది’ అని రాస్తే మెట్లెక్కుతున్నది చిరుతే. ‘స్కూటర్‌పై వెళ్తూ లారీ ఢీకొట్టింది’ అంటే స్కూటర్ మీద ఉన్నది లారీ. ఇలాంటివి రోజూ అచ్చులో కనిపిస్తున్నాయి. చోటు చాలదంటారు. ‘వెళ్తూ’ను ‘వెళ్తుండగా’ చేస్తే పెరిగేది రెండు మూడక్షరాలు. ఆ ఉండగా వచ్చిందంటే ఎక్కేవారు ఒకరు, కనిపించేది మరొకటి అని అర్థం స్థిరపడుతుంది. మన చిత్తూరు పల్లెల్లో బడి మొహం చూడని అవ్వ కూడా ‘మెట్లెక్కతా ఉంటే చిరుత కనిపించింది’ అంటుంది. ‘ఎక్కతా కనిపించింది’ అనదు. నోటితో తప్పనివాళ్లం కలం పట్టగానే తప్పుతున్నామంటే, రాసింది ఒకసారి పైకి చదువుకోవడం లేదన్నమాట.

క్రియ ఎవరిని పట్టుకుంటుందో తెలుసుకోవాలంటే నేను మా కాళహస్తి ధూర్జటి దగ్గరికే వెళతాను. మీ తరగతిలోనూ ఈ పద్యం చెప్పే ఉంటారు.

‘అంతా మిథ్య తలంచి చూచిన నరుం డట్లౌ టెఱింగిన్ సదా...’

ఈ పాదాన్ని ఆగకుండా చదివే పిల్లలు ‘చూచిన నరుండు’ అని కలిపేస్తారు. అంతా మిథ్య అని తలచి చూసిన మనిషి ఎవడో ఒకడున్నట్టు, పద్యం వాడి గురించే అన్నట్టు అర్థం చెబుతారు. అప్పుడు అంతా తెలుసుకున్న జ్ఞాని భార్యాబిడ్డలే నిజమనుకుని తిరుగుతున్నాడని తేలుతుంది, పద్యమే తలకిందులవుతుంది. ఆ ‘చూచిన’ విశేషణం కాదు, చేదర్థకం. ‘తలచి చూస్తే అంతా మిథ్య’ అక్కడికి ఒక వాక్యం. ఆ తర్వాత నరుడు మొదలవుతాడు. ‘అట్లౌట’ అన్నమాటే సాక్ష్యం. అలా అని తెలిసి కూడా అనాలంటే, ఆ ‘అలా’ ఏమిటో ముందే ఒక పూర్తి మాటగా చెప్పి ఉండాలి కదా. పాతకాలపు భాషలో ‘చూస్తే’కూ ‘చూసిన’కూ రూపం ఒకటే కావడం వల్ల పాఠకుడు చూచిన తర్వాత ఆగి తీరాలి. వాడుకభాష ఈ రెంటినీ విడదీసి మనకు పెద్ద మేలు చేసింది.

ఇక నరుడి దగ్గర మొదలైన వాక్యాన్ని ఆయన ఎంత జాగ్రత్తగా నడిపాడో చూడండి. ఎఱింగిన్, భ్రాంతిం జెంది, చరించు – అన్నిటికీ కర్త నరుడే. తర్వాత ‘గాని’ అని మలుపు తిప్పి ‘పరమార్థంబైన నీయందు’ అని శివుణ్ణి తెచ్చాడు. వెంటనే ‘తాఁ’ అని నరుణ్ణి మళ్లీ పిలిచి, అప్పుడు ‘చింతాకంతయుఁ జింత నిల్పఁడు’ అన్నాడు. ఆ తాఁ లేకపోయినా ‘నిల్పఁడు’లోని డు అర్థాన్ని కాపాడేది. అయినా పెట్టాడు. కర్త వెనకపడ్డాక, మధ్యలో ఇంకొకరు వచ్చాక, చివరి క్రియ ముందు వాణ్ణి ఒకసారి తలవడం వినేవాడికి చేసే సాయం. పొడుగాటి వాక్యాలు రాసేవాళ్లు ఈ ఒక్క ‘తాను’ నేర్చుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

చూచిన నరుండు దగ్గర జరిగే పొరపాటే ‘ప్రమాదంలో గాయపడిన డ్రైవర్ తమ్ముడు’ దగ్గరా జరుగుతుంది. గాయపడిన అనేది పక్కనే ఉన్న డ్రైవర్‌ను పట్టుకుంటుందో, అతణ్ణి దాటి తమ్ముణ్ణి పట్టుకుంటుందో చెప్పలేం. కామా పెట్టినా నమ్మకం లేదు. ‘డ్రైవర్ తమ్ముడు ప్రమాదంలో గాయపడ్డాడు’ అని ముందు వాక్యం ముగించి, తక్కిన సంగతి రెండో వాక్యంలో చెప్పడమే దారి.

ఒక్కచోట మాత్రం నేను గట్టిగా తీర్పు చెప్పలేను. ‘ఆ వార్త విని నాకు ఏడుపొచ్చింది’ అంటాం. సూత్రం ప్రకారం వచ్చింది ఏడుపు, విన్నది నేను, కర్తలు వేరు. కానీ ఇలా అనని తెలుగువాడు లేడు. ఆకలి, నిద్ర, కోపం, భయం లాంటివి వచ్చినప్పుడు ‘నాకు’ అన్నదే కర్త పని చేస్తుంది, దాన్ని తప్పనడం నాకిష్టం లేదు. ‘చదువుతూ చదువుతూ నాకు నిద్రొచ్చింది’ కూడా నా చెవికి బాగానే ఉంది. ‘మెట్లు ఎక్కుతూ నాకు చిరుత కనిపించింది’ అనేదాన్ని కొందరు ఇదే దారిలో సమర్థిస్తారు. మాటల్లో ఒప్పుకుంటాను గానీ, మీ గోడపత్రికలో అయితే ‘ఎక్కుతుండగా’ అనే రాయించండి.