ప్లెయింట్ ఎవరు రాశారు? జూనియర్ న్యాయవాది రెజ్యూమె గురించి

ప్రశ్న: మేడమ్, నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, రెండేళ్లుగా హనుమకొండలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను. న్యాయవాదులు రాసే ఏఐబీఈ పరీక్ష కూడా పాసయ్యాను. హైదరాబాద్‌లోని న్యాయవాద కార్యాలయాలకు, ఫైనాన్స్ కంపెనీల్లో లీగల్ అసిస్టెంట్ ఉద్యోగాలకు రెజ్యూమె పంపుతున్నాను. ఒక్కరూ పిలవలేదు. నా సొంత కేసులంటూ పెద్దగా ఏమీ లేవు. జిల్లా కోర్టు అనుభవాన్ని ఎలా రాయాలి? రెజ్యూమె జతచేశాను. చూసి చెప్పగలరు. – పరకాల నుంచి ఒక జూనియర్

జవాబు: అమ్మా, మీ రెజ్యూమె రెండుసార్లు చదివాను. ‘సివిల్, క్రిమినల్, ఫ్యామిలీ, రెవెన్యూ, కన్స్యూమర్, కార్పొరేట్ రంగాలలో అనుభవం’ అన్న వరుస దగ్గరే చదివేవారు ఆగిపోతారు. రెండేళ్ల జూనియర్‌కు ఆరు రంగాలు వచ్చని ఏ సీనియరూ నమ్మరు. దాని కింద ‘కేసులు చూశాను, డ్రాఫ్టింగ్ చేశాను’ అని ఉంది. ఏ కేసు, ఏ కోర్టు, ఏ దశ, అందులో మీ చేయి ఎంత అన్నది ఎక్కడా లేదు. రెజ్యూమె చదివేది ఇరవై ఏళ్లు కోర్టులో గడిపిన మనిషి. ఆయనకు కావలసింది ఒక్కటే: ఈ అమ్మాయికి కాగితాలు ఇచ్చి వెళితే సాయంత్రానికి ప్లెయింట్, అంటే కోర్టులో వేసే దావా పత్రం, సిద్ధమవుతుందా?

అందుకని రెజ్యూమె పక్కనపెట్టి ముందు మీ వాయిదాల డైరీలు తెరవండి. రెండేళ్ల డైరీలూ ఉండే ఉంటాయి. ప్రతి కేసుకూ ఎదురుగా మూడు మాటల్లో ఒకటి రాయండి: ‘రాశాను’, ‘సహకరించాను’, ‘హాజరయ్యాను’. ముసాయిదా మీరు తయారుచేసి సీనియర్ దిద్దితే అది ‘రాశాను’. సీనియర్ చెబుతుంటే టైపు చేసినా, క్రాస్ ఎగ్జామినేషన్‌కు ప్రశ్నలు వెతికిపెట్టినా ‘సహకరించాను’. వాయిదా అడగడానికో, కౌంటర్ దాఖలు చేయడానికో కోర్టు ముందు నిలబడితే ‘హాజరయ్యాను’. ఈ మూడింటినీ కలిపేయడమే జూనియర్ల రెజ్యూమెల్లో నేను ఎక్కువగా చూసే తప్పు. అది దొరికిపోవడం కూడా తేలిక. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కేసు నంబరు కొడితే ఏ పక్షానికి ఎవరు వకీలో కనబడుతుంది. వకాలత్‌లో మీ సంతకం లేని కేసును ‘నేను నడిపాను’ అని రాస్తే అవతలివారికి నిమిషంలో తెలిసిపోతుంది. ‘సీనియర్ కార్యాలయం తరఫున ప్లెయింట్ ముసాయిదా రాశాను’ అంటే మాత్రం ఎవరూ తప్పుపట్టరు. రెండేళ్ల జూనియర్ నుంచి వాళ్లు ఆశించేది కూడా అదే.

ఇప్పుడు ఒక కేసు తీసుకుని చూద్దాం. ఫోనులో మీరు చెప్పిన పొలం గట్టు తగాదానే తీసుకుంటున్నాను. మీ రెజ్యూమెలో అది ‘ఇంజంక్షన్ సూట్ చూశాను’ అన్న మూడు మాటల్లో ఉంది. మీరు చెప్పింది విన్నాక అందులో ఎంత పని ఉందో నాకు అర్థమైంది. క్లయింటు పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ అనే సాగు రికార్డు నకళ్లు తెచ్చారు. మీరు వాటిని చదివి తేదీల వరుస రాసుకున్నారు. ప్లెయింట్‌తో పాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద మధ్యంతర ఇంజంక్షన్ కోసం ఐఏ అనే మధ్యంతర దరఖాస్తు, దానికి అఫిడవిట్ రాశారు. దాఖలు చేశాక కోర్టు ఆఫీసు దాన్ని రిటర్న్ చేసింది. షెడ్యూలులో రాసిన ఉత్తరపు హద్దు జతచేసిన స్కెచ్‌తో సరిపోలేదు. మీరు హద్దు సరిచేసి మళ్లీ దాఖలు చేస్తే కేసుకు నంబరు పడింది. తరువాత వాది సాక్ష్యంగా ఇచ్చే చీఫ్ అఫిడవిట్ రాశారు. పత్రాలు మార్కు చేయించిన రోజు మీరు సీనియర్ పక్కనే ఉన్నారు. వాదిని క్రాస్ చేసినప్పుడు మాత్రం మన తరఫున సీనియరే చూసుకున్నారు.

ఇదంతా రెజ్యూమెలో ఇలా రావాలి. మీరు ఎలాగూ ఇంగ్లీషులోనే రాస్తారు, భావం తెలుగులో చెబుతున్నాను: ‘వ్యవసాయ భూమిపై శాశ్వత ఇంజంక్షన్ దావా, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, వాది తరఫు. ప్లెయింట్, మధ్యంతర ఇంజంక్షన్ ఐఏ, అఫిడవిట్, వాది చీఫ్ అఫిడవిట్ ముసాయిదాలు రాశాను. ఆఫీసు అభ్యంతరాలు సరిచేసి తిరిగి దాఖలు చేశాను. పత్రాల మార్కింగ్‌లో సీనియర్‌కు సహకరించాను. ప్రస్తుతం వాది సాక్ష్యం దశలో ఉంది.’ కాగితం మీద నాలుగు వరుసలకు మించదు. కోర్టు తెలిసినవారికి ఆ నాలుగు వరుసల్లో మీ రెండేళ్లూ కనిపిస్తాయి. రిటర్న్ సంగతి రాయడానికి సంకోచించకండి. అభ్యంతరం చూసి సరిచేసిన జూనియర్‌కు రెండోసారి అదే పొరపాటు రాదని వాళ్లకు తెలుసు.

ఒక హెచ్చరిక. రాసిన ప్రతి వరుస మీదా ప్రశ్న వస్తుంది. ఈ కేసులో రాబోయే ప్రశ్న నేనే చెబుతాను: ‘హక్కు ప్రకటన అడగకుండా ఒట్టి ఇంజంక్షన్‌తో ఎందుకు వెళ్లారు?’ 2008లో అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే విడమరచి చెప్పింది. ఆ వివాదం పుట్టింది మన వరంగల్‌లోనే. వాది స్వాధీనంలో ఉండి, హక్కు మీద చెప్పుకోదగ్గ సందేహం లేనప్పుడు ఒట్టి ఇంజంక్షన్ దావా చాలు. హక్కు మీదే నీడ పడితే ప్రకటన కూడా అడగాలి, స్వాధీనం పోతే స్వాధీనం కూడా అడగాలి. మీ కేసులో ప్రతివాది లిఖితపూర్వక సమాధానంలో ఏమన్నారు, దానికి మీ దగ్గరున్న పత్రం ఏది అన్నది ముందే చూసుకుని వెళ్లండి. జవాబు చెప్పలేని కేసు ఏదైనా ఉంటే రెజ్యూమెలోంచి తీసేయండి. ఇలాంటి కేసులు నాలుగైదు ఉంటే చాలు.

మీరు అసలు రాయకుండా వదిలేసిన విషయం ఒకటుంది, అది నన్ను బాధపెట్టింది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి చేసల పహాణీ చదవడం వచ్చని మాటల మధ్యలో చెప్పారు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు, వాటిని క్రమబద్ధం చేసిన 13-బి సర్టిఫికెట్లు, రక్షిత కౌలుదారుకు యాజమాన్యమిచ్చే 38-ఇ సర్టిఫికెట్లు మీ చేతుల మీదుగా వెళ్లాయి. హైదరాబాద్‌లో భూమి హక్కులు పరిశీలించే కార్యాలయాల్లో మంచి ఇంగ్లీషు రాసేవారు చాలామందే ఉంటారు. పాత పహాణీ ముందు పెడితే పట్టాదారు కాలమ్ ఏది, అనుభవదారు కాలమ్ ఏది, రెండింటిలో పేర్లు వేరుగా ఎందుకున్నాయి అని చెప్పగలిగే జూనియర్లు అంతమంది ఉండరు. మీరు జిల్లా కోర్టులో ఉన్నందుకు వచ్చిన నైపుణ్యమిది. ‘భూమి హక్కుల పరిశీలన’ అని విడిగా శీర్షిక పెట్టి, ఏయే రికార్డులు చదివారో, ఎన్ని పరిశీలన నివేదికలకు ముసాయిదా రాశారో డైరీ చూసి లెక్కతో రాయండి. తెలుగు దస్తావేజులు, వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి అనువదించిన పని కూడా అక్కడే చేర్చండి.

కాబట్టి మీ రంగాలు ఆరు కావు, మూడు. సివిల్ దావాలు, భూమి హక్కుల పరిశీలన, చెక్కు బౌన్స్ కేసులు. బెయిల్ పిటిషన్లు, భరణం కేసులు ‘ఇతర పని’ కింద ఒక వరుసలో సరిపోతాయి. అక్కడ మాత్రం ఒక పొరపాటు దిద్దుకోండి. నిరుడు వేసిన బెయిల్ పిటిషన్లకు సీఆర్‌పీసీ సెక్షన్ 439 అని రాశారు. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది కాబట్టి అది సెక్షన్ 483 కావాలి. పాత నమూనా చూసి దించారని చదివేవారు వెంటనే పట్టుకుంటారు.

ఫైనాన్స్ కంపెనీలకు పంపే రెజ్యూమెలో వరుస మార్చండి. వాళ్లకు పొలం తగాదా కంటే చెక్కు కేసు ముఖ్యం. అందులో వాళ్లు చూసేది తేదీలే. చెక్కు వాపసైనట్లు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది అందిన తరువాత డబ్బు చెల్లించడానికి 15 రోజులు గడువు. ఆ గడువు దాటిన నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. మీ సీనియర్ కార్యాలయంలో ఈ గడువుల పట్టిక పెట్టింది మీరేనని చెప్పారు. అది రాయండి. నోటీసులు ఎన్ని, ఫిర్యాదులు ఎన్ని, వాటిలో గడువు దాటినవి ఉన్నాయా లేవా అన్నది కూడా రాయండి. లీగల్ అసిస్టెంట్ రోజంతా చేసే పని చాలావరకు ఇదే.

అయితే ఆ ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోని 49వ నియమం ప్రకారం పూర్తికాలపు జీతగాడిగా ఉన్నంతకాలం న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. చేరగానే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీకింకా రెండేళ్లే అయ్యాయి. మూడో ఏడు మిగిలి ఉండగా జీతానికి వెళితే లెక్క అక్కడే ఆగుతుంది. ఈ ఆలోచన మీకు ఉందో లేదో రాయలేదు కాబట్టి చెబుతున్నాను.

చివరగా, ముసాయిదా నమూనా. అడిగితే పంపడానికి ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం మంచిదే. మీ ఇంజంక్షన్ ప్లెయింటే సరిపోతుంది. క్లయింటు చెప్పిన విషయాలను వకీలు బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 చెబుతోంది. కాబట్టి ముందు సీనియర్ అనుమతి అడగండి. పేర్లు, గ్రామం, సర్వే నంబరు, హద్దులు, కేసు నంబరు కనబడకూడదు. కంప్యూటర్‌లో వాటిపై నల్లటి గీతలు పెట్టి పీడీఎఫ్ చేస్తే చాలదు. కింది అక్షరాలను ఎంచుకుని కాపీ చేసుకోవచ్చు. ముద్రించి, నల్ల మార్కరుతో కొట్టేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసి, తరువాత స్కాన్ చేయండి. రెజ్యూమెలో కూడా క్లయింట్ల పేర్లు తీసేయండి. ఇప్పుడున్న దాంట్లో మూడుచోట్ల ఉన్నాయి.

ఈ ఆదివారం డైరీలు ముందేసుకుని లెక్క తీయండి. ఆ లెక్కతో తిరగరాసిన రెజ్యూమె నాకు పంపితే ఒక్కో వరుస మీదా నేనే ప్రశ్నలు అడుగుతాను.