నల్ల నెత్తురు గడ్డకట్టకపోతే గొర్రెను కోసి చూడొచ్చా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. 62 నెల్లూరు జొడిపి గొర్రెలున్నాయి. వారం నుంచి ఎండిన చెరువు లోపల, మొన్నటి వానకు మొలిచిన గరిక మేపుతున్నాను. మొన్న తెల్లారేసరికి దొడ్లో ఒకటి చచ్చి ఉంది. రాత్రి దాకా బాగానే మేసింది. దాన్ని పూడ్చాం. మధ్యాహ్నం ఇంకోటి వణుకుతూ పడిపోతుంటే గొంతు కోశాం. నెత్తురు నల్లగా, పల్చగా వచ్చింది, గడ్డకట్టలేదు. మాంసం నాలుగిళ్లకు పంచాం. ఈ పొద్దున మూడోది పోయింది. ముక్కులోంచి, వెనక నుంచి నెత్తురు కారుతోంది. చిటుకు రోగమంటున్నారు. కోసి చూస్తే తెలుస్తుందా? ఇన్సూరెన్సుకు చెవి ట్యాగు కోసివ్వమంటున్నారు.

జవాబు: మూడో గొర్రె మీద కత్తి పెట్టకండి, చెవి కూడా కోయకండి. తాడు కట్టి ఈడ్చకండి. పడిన చోటనే పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, కుక్కలు రాకుండా ఒక మనిషిని కాపలా ఉంచండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గానీ, 1962కి గానీ ఫోన్ చేసి "దొమ్మ అనుమానం" అని చెప్పండి. ఆ మాట అంటేనే డాక్టరు గాజు పలకలు, చేతి తొడుగులు సర్దుకుని వస్తారు.

దొమ్మ అంటే ఆంత్రాక్స్. నేనెందుకు దాన్నే అనుమానిస్తున్నానో చెబుతాను. ఒక్క నెత్తురు గుర్తునే పట్టుకుంటే పొరపాటు పడొచ్చు. రక్తపింజరి కరిచినా నెత్తురు గడ్డకట్టదు. కానీ పాము మూడు రోజుల్లో మూడు జీవాలను కరవదు, కరిచిన చోట వాపైనా కనబడుతుంది. జొన్న పిలకలు మేసి చస్తే నెత్తురు నల్లగా కాదు, మరీ ఎర్రగా ఉంటుంది. చిటుకులో కూడా జీవం ఉన్నట్టుండి పోతుంది గానీ, ముక్కు నుంచీ వెనక నుంచీ ఇలా నెత్తురు కారదు. మీ మందలో జబ్బే లేకుండా చావు, కారే నెత్తురు, గడ్డకట్టకపోవడం, వాన పడ్డాక ఎండిన చెరువులో మేత, అన్నీ ఒకచోట చేరాయి. పొట్టి గరికను గొర్రె వేళ్లతో సహా పీకి మట్టితో పాటు మింగుతుంది. ఈ రోగం ఉండేది ఆ మట్టిలోనే. చచ్చిన జీవం కాళ్లు కూడా చూడండి, ముట్టుకోకుండానే. కర్రల్లా బిగుసుకోకుండా మెత్తగా వాలి ఉండి, పొట్ట తొందరగా ఉబ్బిపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. నెత్తురు ఎందుకు గడ్డకట్టదంటే, సూక్ష్మజీవి వదిలే విషం రక్తనాళాల లోపలి పొరను చిల్లులు చేస్తుంది, గడ్డకట్టించే పదార్థాలు అక్కడే ఖర్చయిపోతాయి. చివరి గంటల్లో ఊపిరి అందక నెత్తురు నల్లబడుతుంది.

ఇక కోయొద్దని ఎందుకంటానో వినండి. చచ్చిన గొర్రె లోపల ఈ సూక్ష్మజీవి కోట్లలో ఉంటుంది కానీ, అక్కడ అది ఇంకా మెత్తటి రూపంలోనే ఉంటుంది. చర్మం తెగకుండా ఉంటే లోపల గాలి ఆడదు. పేగుల్లోని కుళ్లు బాక్టీరియా లేచి, మన ఎండలకు రెండు మూడు రోజుల్లో దీన్ని చాలావరకు చంపేస్తుంది. అంటే ఆ కళేబరం తనను తానే సగం శుభ్రం చేసుకుంటుంది. మీరు పొట్ట చీల్చిన మరుక్షణం నెత్తురుకు గాలి తగులుతుంది. గాలి తగిలిన సూక్ష్మజీవి కొన్ని గంటల్లోనే గట్టి పెంకున్న విత్తనంలా మారుతుంది. దాన్నే స్పోరు అంటాం. దానికి ఎండా లెక్కలేదు, వానా లెక్కలేదు, ఫినాయిలూ లెక్కలేదు. 1942లో స్కాట్లాండ్ దగ్గర గ్రూనార్డ్ అనే దీవిలో గొర్రెల మీదే ఈ సూక్ష్మజీవిని పరీక్షించారు. 1986లో నేలంతా ఫార్మాలిన్ కలిపిన నీళ్లతో తడిపి, 1990లో గానీ ఆ దీవిని మళ్లీ తెరవలేదు. మన చెరువును అలా కడిగేవాళ్లు ఎవరూ లేరు.

కోయకుండా రోగం ఎలా తెలుస్తుందంటే, చెవి సిర నుంచి ఒక్క చుక్క చాలు. డాక్టరు సూదితో తీసి గాజు పలక మీద పూసి, అంటే స్మియర్ చేసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. చివరలు నరికిన వెదురు ముక్కల్లా నీలం కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ పొర. నేను సర్వీసులో చేరిన కొత్తల్లో అది చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కళేబరం కుళ్లిపోతే ఇది కనబడదు, అందుకే ఇవాళే పిలవమంటున్నాను.

మీరు కోసిన రెండో గొర్రె సంగతి అసలు తొందరైనది. మాంసం ఇంకా ఏ ఇంట్లో ఉన్నా, ఉడికించినదైనా సరే, తినొద్దని ఇప్పుడే చెప్పించండి. చెత్తకుప్పలో పారేయకండి, కుక్కలకు వేయకండి. సంచిలో కట్టి డాక్టరుకు అప్పగించండి. కోసినవాళ్లు, కడిగినవాళ్లు, తిన్నవాళ్లు ఒంట్లో బాగానే ఉన్నా ఈ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి "ఆంత్రాక్స్ అనుమానం" అని చెప్పాలి. సాధారణంగా వారం లోపు చేతి మీద పురుగు కుట్టినట్టు దద్దురు లేచి, బొబ్బయి, నొప్పి లేకుండానే మధ్యలో నల్ల పెచ్చు కడుతుంది. నొప్పి లేదని చాలామంది పట్టించుకోరు. తిన్నవాళ్లకు కడుపునొప్పి, జ్వరం, నెత్తురు వాంతులో విరేచనాలో వస్తే ఒక్క పూట ఆగకూడదు. వేళకు వెళ్తే మందులతో నయమవుతుంది. కత్తిని 30 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచండి. నెత్తురు పడిన చోట నీళ్లు పోసి కడగకండి, ఆ నీళ్లు చెరువుకే పోతాయి. ఆ మట్టిని డాక్టరు ఫార్మాలిన్‌తో తడిపించి, పైమట్టిని తవ్వించి పూడ్పిస్తారు. మొదటి గొర్రె గుంత లోతు తక్కువైతే మీరు మళ్లీ తవ్వకండి, డాక్టరుకు చూపించండి.

మూడోదాన్ని కాల్చడం మంచిది. కట్టెలు దొరక్కపోతే బావికీ, వాగుకూ దూరంగా, గొర్రె పైన 6 అడుగుల మట్టి పడేంత లోతు గుంత తీసి పూడ్చాలి. కారే చోట్ల ఫార్మాలిన్ దూది కుక్కాకే కదపాలి. అది కారిన మట్టి కూడా గుంతలోకే పోవాలి. మనవాళ్లు సున్నం చల్లుతారు గానీ, అందులోని క్యాల్షియం స్పోర్లు నిలవడానికే సాయపడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటుంది. నా మొగ్గూ అటే.

మిగతా 59 గొర్రెలను ఇవాళే చెరువు నుంచి తప్పించి, పొద్దున, సాయంత్రం జ్వరం చూడండి. 104 డిగ్రీలు దాటినదాన్ని విడిగా కట్టి డాక్టరుకు చూపించండి, ఆంటిబయాటిక్ ఇస్తారు. బాగున్నవాటికి దొమ్మ టీకా చర్మం కింద వేస్తారు. అది బతికున్న స్పోర్ల టీకా, ఆంటిబయాటిక్ పడిన జీవానికి వెంటనే వేస్తే పనిచేయదు, వారం పది రోజులు ఆగాలి. టీకా పట్టుకోవడానికి కూడా పది రోజులకు పైనే పడుతుంది కాబట్టి, ఆలోపు ఇంకో చావు జరిగితే టీకా తప్పనుకోవద్దు. చివరి చావు తర్వాత 20 రోజుల దాకా మందలోంచి ఒక్కదాన్ని కూడా సంతకు తోలకండి.

ఇన్సూరెన్సు కోసం ట్యాగు నంబరు కనబడేలా దూరం నుంచి ఫోటో తీయండి. పోస్టుమార్టం ఎందుకు చేయలేదో, స్మియర్‌లో ఏం కనబడిందో డాక్టరు చేత రాయించుకుని క్లెయిముకు జతచేయండి. ట్యాగు తీయాల్సి వస్తే అది డాక్టరు తొడుగు వేసుకుని తీయాలి, మీరు కాదు.