లెక్క రాకపోవడం వేరు, లెక్కను వదలలేకపోవడం వేరు

"మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. తెలంగాణ ఎప్‌సెట్‌కి గ్రాండ్ టెస్టులు రాస్తున్నాడు. మాథ్స్, ఫిజిక్స్ అయ్యేసరికే టైం అయిపోతోంది. మొన్న కెమిస్ట్రీలో 36 బిట్లు అసలు చూడనే లేదు. మార్కులు 97. ప్రతి టెస్టు తర్వాత పేపరు ముందేసుకుని, వదిలేసినవి ఎందుకు వదిలావని ఒక్కొక్కటీ అడుగుతూనే ఉన్నాను. వాడు స్లో అనిపిస్తోంది. ఇప్పుడు స్పీడ్ బ్యాచ్‌లో చేర్పించాలా? ముందు కెమిస్ట్రీ చేయాలా, మాథ్స్ చేయాలా?"
(ఒక తండ్రి, ఖమ్మం)

మీ భయం టైం గురించి కాదని నాకు అర్థమవుతోందండీ. 'వీడికి అంత బుర్ర లేదేమో, మనం ఆశ పెట్టుకున్న సీటు రాదేమో' అన్నది మీ అసలు బెంగ. కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. పేపరులో 160 బిట్లుంటే ఆ 36 పోగా మిగిలిన 124 చేసి 97 తెచ్చుకున్నాడంటే, ముట్టుకున్న ప్రతి నాలుగింటిలో మూడుకు పైగా సరిగ్గా చేశాడన్నమాట. చదువు రాని పిల్లవాడికి అది సాధ్యం కాదు. వాడికి లెక్కలు వచ్చు. చేతిలో ఉన్న లెక్కను మధ్యలో విడిచిపెట్టడమే రావట్లేదు.

అది రాకపోవడానికి కొంత కారణం మీరేనండీ. కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. వదిలిన ప్రతి బిట్టుకూ ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలని వాడికి తెలుసు. ఒక ఇంటిగ్రేషన్ దగ్గర ఐదు నిమిషాలు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే జవాబు వచ్చింది కదా! ఆ ఐదు నిమిషాలు పోయినందువల్ల చివర్లో ఐదారు కెమిస్ట్రీ బిట్లు కళ్ళబడకుండా పోయాయని మాత్రం ఏ పేపరు మీదా కనిపించదు. అందుకే వదలకుండా ఉండటమే క్షేమమని వాడు నేర్చుకున్నాడు. ఈ వారం నుంచి ఆ విచారణ ఆపండి. అడగాలనిపిస్తే, 'ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయావు' అని ఒక్కసారి అడిగి ఊరుకోండి.

160 బిట్లు, 180 నిమిషాలు. భాగిస్తే ఒక్కో దానికి 67 సెకన్ల చిల్లర వస్తుంది. చాలామంది పిల్లలు ఈ అంకెను పట్టుకుని ప్రతి బిట్టుకూ నిమిషం అని గీత గీసుకుంటారు. అది సగటు మాత్రమే. కెమిస్ట్రీలో సూటిగా అడిగిన బిట్టు 20 సెకన్లలో తెగుతుంది, మాథ్స్‌లో ఒక మంచి లెక్కకు రెండు నిమిషాలు న్యాయంగానే పడతాయి. ఇక్కడ మిగిలినదే అక్కడ ఖర్చవ్వాలి. మీ అబ్బాయి పేపరు వరసలో మాథ్స్, ఫిజిక్స్ చేసుకుంటూ పోతున్నాడు కాబట్టి, టైం మిగిల్చి ఇచ్చే కెమిస్ట్రీ చివరికి పడి ఎండిపోతోంది.

ఏది ముందు అన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. నేనైతే కెమిస్ట్రీ 30 నిమిషాలు, ఫిజిక్స్ 45, మాథ్స్ 85 అని చెబుతాను. మొత్తం 160 నిమిషాలు పోగా చేతిలో 20 మిగులుతాయి. వాడికి మాథ్స్‌తో మొదలుపెడితేనే ధైర్యంగా ఉంటే అలాగే చేయనివ్వండి, నష్టమేమీ లేదు. ఏ సబ్జెక్టు ముందు అన్నదానికంటే, దాని గడువు అయిపోగానే లేచి పక్క సబ్జెక్టుకు పోతున్నాడా లేదా అన్నదే ముఖ్యం. వరస తప్పు పెట్టుకోవడం వల్ల సీటు పోయిన పిల్లలు నాకు తగల్లేదు. గడువు దాటి కూర్చున్నందుకు నష్టపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక ఎప్పుడు వదలాలన్నది చూద్దాం. దీనికి రెండు చోట్ల ఆగి చూసుకోవాలి. మొదటిది, బిట్టు చదవడం అయిన వెంటనే. చదివిన పదిహేను ఇరవై సెకన్లలో రఫ్ షీటు మీద మొదటి లైను ఏం రాయాలో తోచిందా? తోచకపోతే అక్కడే వదిలేయాలి. మళ్ళీ మళ్ళీ చదివితే తోచేది తక్కువ, పోయే టైం ఎక్కువ. రెండోది, లెక్క మొదలుపెట్టాక సుమారు ఒకటిన్నర నిమిషం దగ్గర. అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న 'ఇప్పటిదాకా ఎంత చేశాను' అన్నది కాదు, 'ఇంకో అర నిమిషంలో తేలుతుందా' అన్నది. ఇంత చేశాక ఎలా వదులుతామన్న ఆలోచనే మీ అబ్బాయిని మింగేస్తోంది.

ఉదాహరణకు ఈ మూడు సమీకరణాలు ఇచ్చి x, y, z విలువలు అడిగారనుకోండి:

x + y + z = 6
x − y + z = 2
2x + y − z = 1

క్లాసులో నేర్పినట్టు మాత్రికలతో చేస్తే రెండు నిమిషాలు దాటుతుంది. ఆప్షన్లలో 1, 2, 3 ఉందనుకోండి. పెట్టి చూస్తే మొదటిది 6, రెండోది 2, మూడోది 2 + 2 − 3 అంటే 1. మూడూ సరిపోయాయి, అర నిమిషంలో అయిపోయింది. ఇది వదలాల్సిన బిట్టు కాదు, చేసే దారి మార్చాల్సిన బిట్టు. అదే ఒక 3 × 3 మాత్రికకు విలోమం కనుక్కుని, అందులోని మూలకాలన్నీ కూడమన్నారనుకోండి. డిటర్మినెంట్ వచ్చింది, నాలుగు కోఫాక్టర్లు అయ్యాయి, ఒకటిన్నర నిమిషం గడిచింది, ఇంకా ఐదున్నాయి. పద్ధతి పూర్తిగా తెలుసు, కానీ అర నిమిషంలో తేలదు. ఇది పక్కన పెట్టి, తర్వాత వచ్చి చేసుకోవాల్సిన బిట్టు.

ఈ తేడా పిల్లవాడికి బాగా పట్టాలి. పద్ధతి తెలిసి, పొడుగ్గా ఉన్నందుకు వదిలిన బిట్టుకే తిరిగి వెళ్ళాలి. అసలు పద్ధతే తోచని బిట్టుకు తిరిగి వెళ్ళి లాభం లేదు. ఎప్‌సెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి దానికి అప్పుడే, వదిలే ముందే, ఏదో ఒక ఆప్షన్ పెట్టి Save & Next నొక్కి మరిచిపోవాలి. అనుమానం వచ్చిన ప్రతిదానికీ Mark for Review పెట్టే పిల్లలకు చివర్లో స్క్రీన్ మీద నలభై గుర్తులు కనిపిస్తాయి. వాటిలో ఏది చేయదగ్గదో తెలుసుకోవడానికే మిగిలిన టైం అయిపోతుంది. చివర్న ఉండేది 20 నిమిషాలు, అందులో ఆఖరి ఐదు ఖాళీలు నింపడానికి పోతాయి. పొడుగు లెక్కకు రెండేసి నిమిషాలు వేసుకున్నా ఏడెనిమిది కంటే ఎక్కువ కావు. అందుకని తిరిగి వెళ్ళే బిట్లు ఎనిమిది దాటకుండా చూసుకోవాలి.

వాటి నంబర్లు రఫ్ షీటులో ఒక మూల రాసుకోమనండి. చేసిన పనిని కూడా బిట్టు నంబరు వేసి అక్కడే ఉంచాలి, అప్పుడు తిరిగి వచ్చినప్పుడు ఐదో కోఫాక్టర్ దగ్గర అందుకోవచ్చు. నంబరు లేని రఫ్ వర్కు దొరకదు, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. పక్కన పెట్టే బిట్టుకు కూడా ఒక ఆప్షన్ సేవ్ చేసి కదలడం మంచిది, ఒకవేళ తిరిగి రాలేకపోయినా అది ఖాళీగా ఉండదు. ఇంకొకటి, ఆప్షన్ ఎంచుకుని Save & Next నొక్కకుండా పక్కనున్న నంబర్ల పట్టీలోంచి వేరే బిట్టుకు దూకితే ఆ జవాబు సేవ్ కాదు. అధికారిక మాక్ టెస్టులో ఒకసారి ఇలా చేసి చూస్తే మళ్ళీ మరిచిపోడు.

తిరిగి వచ్చినప్పుడు వరస నంబర్లలో పోకూడదు. తక్కువ పని మిగిలినదాన్ని ముందు ముగించాలి. చేసేసిన బిట్లను మళ్ళీ తెరిచి, 'ఎందుకో ఇది కాదేమో' అని మార్చే అలవాటు కూడా చూస్తుంటాను. గుర్తు తప్పు వేశాననో, 'కానిది ఏది' అన్నచోట 'అయినది' అని చదివాననో స్పష్టంగా కనిపిస్తేనే మార్చాలి. ఆఖరి ఐదు నిమిషాల్లో కొత్త లెక్క మొదలుపెట్టకుండా, ఖాళీగా ఉన్నవాటన్నిటికీ ఆప్షన్ పెట్టాలి. మొన్న 36 ఖాళీలు వదిలాడు. వాటికి కళ్ళు మూసుకుని పెట్టినా నాలుగింట ఒకటి చొప్పున సగటున తొమ్మిది మార్కులు రావచ్చు. చూసి చేసి ఉంటే ఇంకా ఎంత వచ్చేదో మీరే ఊహించుకోండి.

జేఈఈ మెయిన్ కూడా రాస్తుంటే, ఊహించి ఆప్షన్ పెట్టే ఈ ఒక్క అలవాటును అక్కడికి తీసుకుపోనివ్వకండి. అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది. కనీసం ఒకటి రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితేనే పెట్టాలి. జవాబు టైపు చేసే న్యూమరికల్ ప్రశ్నల్లో ఊహించి రాస్తే మార్కు పోగొట్టుకోవడమే.

స్పీడ్ బ్యాచ్ సంగతి. నాకు వీటి మీద గట్టి అనుమానం ఉంది. రోజుకో గ్రాండ్ టెస్టు, సాయంత్రం ర్యాంకుల లిస్టు, మధ్యలో వందల కొద్దీ షార్ట్‌కట్లు. మూడు గంటలు రాసిన పేపరును కూర్చుని విప్పి చూసుకోవడానికి కనీసం అంతే టైం కావాలి. రోజూ రాసేవాడికి అది దొరకదు. కాబట్టి నిన్న ఎక్కడ ఇరుక్కున్నాడో ఇవాళా అక్కడే ఇరుక్కుంటాడు, కాకపోతే ఇంకాస్త టెన్షన్‌తో. పైన చెప్పినట్టు ఆప్షన్లు పెట్టి చూడటం లాంటివి పనికొస్తాయి, కాదనను. కానీ అవి పది పదిహేను మించి ఉండవు, కాలేజీ లెక్చరర్ దగ్గరే నేర్చుకోవచ్చు. మూడు వందల షార్ట్‌కట్లు బట్టీ పట్టినవాడు ఏది వాడాలా అని వెతుక్కోవడంలోనే నిమిషం పోగొట్టుకుంటాడు. ర్యాంకుల లిస్టు చూసి అటెంప్ట్‌లు పెంచుకుని, తప్పులు కూడా పెంచుకున్న పిల్లలను ఏటా చూస్తున్నాను. వారానికి రెండు టెస్టులు, ప్రతిదాని మర్నాడు విశ్లేషణ చాలు. అది కూడా పిల్లవాడే చేసుకోవాలి, మీరు కాదు.

అయినా నా మాట మీద నిర్ణయం తీసుకోకండి. ఫీజు కట్టేముందు ఈ ఆదివారం ఆ చూడని 36 కెమిస్ట్రీ బిట్లను వాడికి ఇచ్చి, 30 నిమిషాల్లో చేయమనండి. మీరు ఆ గదిలో ఉండొద్దు. 20 దాటి సరిగ్గా చేస్తే వాడికి ఏ బ్యాచ్ అవసరం లేదు, తర్వాతి రెండు మూడు టెస్టులు ఈ గడువులతో రాయనివ్వండి. 12 లోపే వస్తే అది టైం సమస్య కాదు, కెమిస్ట్రీ సమస్య. తప్పిన బిట్లు ఏ చాప్టర్లవో రాసుకుని, ఎక్కువ తప్పిన రెండు చాప్టర్లను ముందు చదువుకోమనండి. మధ్యలో ఎక్కడో వస్తే రెండూ కొంచెం కొంచెం కావాలి, ఆ ఫలితం నాకు రాసి పంపండి, చూసి చెబుతాను.