ఇడ్లీ ప్రోబయాటిక్ అవుతుందా?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను. ప్రీబయాటిక్, ప్రోబయాటిక్ రెండూ కలగాపులగం అయిపోతున్నాయి. పెరుగు, ఇడ్లీ, ఉల్లిపాయ ఏది ఎందులోకి వస్తుంది? ఎగ్జామ్‌లో ఎలా విడదీయాలి?

జవాబు:

నేను అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని చదువుకున్న రోజుల్లో నన్నూ ఇదే ఇబ్బంది పెట్టింది. ఒక కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో "ఇడ్లీ ఒక ప్రోబయాటిక్ ఆహారం" అనే వాక్యం వచ్చింది. నేను తప్పు అని పెట్టాను, కీలో ఒప్పు అని ఇచ్చారు. మార్కు పోయింది. అప్పటికే న్యూట్రిషన్‌లో పీజీ చేసి ఉన్నాను కాబట్టి నాకు ఆ కీ మింగుడు పడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో ఇచ్చిన నిర్వచనమే ఇప్పటికీ పరీక్షలకు ఆధారం. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు మనకు ఆరోగ్యపరంగా మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్స్. ఇందులో మూడు షరతులున్నాయి: ప్రాణం ఉండాలి, తగినంత సంఖ్య ఉండాలి, మేలు చేస్తుందని నిరూపణ అయి ఉండాలి.

రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె అంచు దాటుతుంది కదా, అందులో లక్షణంగా బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. ల్యూకోనోస్టాక్ అనే రకం వాటిలో ముఖ్యమైనది. అదే పిండిని ఇడ్లీ పాత్రలో పదీ పన్నెండు నిమిషాలు ఆవిరి మీద పెడితే పులిపించిన ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పులుపు, మెత్తదనం, పిండి పులిసినప్పుడు పెరిగిన పోషకాలు మిగులుతాయి. కాబట్టి ఇడ్లీ పులియబెట్టిన ఆహారమే, ప్రోబయాటిక్ మాత్రం కాదు. మరిగించిన మజ్జిగ పులుసుదీ ఇదే కథ.

పెరుగు దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో తోడు పెట్టిన పెరుగులో బ్యాక్టీరియా బతికే ఉంటుంది, కానీ ఏ స్ట్రెయిన్ ఉందో, అంటే ఒకే జాతిలోని ఏ ఉపరకం ఉందో, ఎంత ఉందో ఎవరూ లెక్కపెట్టరు. అందుకే శాస్త్రపరంగా దాన్ని సజీవ సూక్ష్మజీవులున్న పులియబెట్టిన ఆహారం అంటారు. మన దేశ నియమాల ప్రకారం ప్రోబయాటిక్ అని అమ్మే ఉత్పత్తిలో ఒక రోజు మోతాదుకు కనీసం 10 కోట్ల సజీవ జీవులు ఉండాలి. డబ్బా మీద జీవి పూర్తి పేరు, స్ట్రెయిన్, సంఖ్య కనబడకుండా "కడుపుకు మంచిది" అని మాత్రమే ఉంటే నేను కొనను. ఒక స్ట్రెయిన్ మీద తేలిన ఫలితం పక్క స్ట్రెయిన్‌కు వర్తించదు. అయితే జనరల్ స్టడీస్ పేపర్లలో పెరుగును ప్రోబయాటిక్‌కు ఉదాహరణగానే ఇస్తారు. అక్కడ పెరుగు అనే పెట్టండి.

ఇక ఉల్లిపాయ. దీనిలో బ్యాక్టీరియా సంగతి కాదు, బ్యాక్టీరియా తినే తిండి సంగతి చూడాలి. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే పీచు పదార్థాలను అరిగించే ఎంజైమ్ మనకు లేదు. అవి అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బైఫిడోబ్యాక్టీరియా వాటిని తిని పెరుగుతుంది. ఇలా మేలు చేసే జీవులు ఎంచుకుని వాడుకునే పదార్థమే ప్రీబయాటిక్. ప్రతి పీచూ ప్రీబయాటిక్ కాదు, ఈ "ఎంచుకుని" అనే మాట దగ్గరే పరీక్షలో మెలిక పెడతారు. కొందరికి ఉల్లి ఎక్కువైతే కడుపు ఉబ్బరం వచ్చేది కూడా ఈ పులియడం వల్లే. ప్రోబయాటిక్, దాని తిండి రెండూ కలిపి ఇస్తే సిన్‌బయాటిక్.

2022 సివిల్స్ ప్రిలిమ్స్‌లో ప్రోబయాటిక్స్ మీద వచ్చిన ప్రశ్నను ఒకసారి విప్పి చూడండి. మొదటి వాక్యం, వీటిలో బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్ కూడా ఉంటుందని. ఒప్పే, శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్‌ను విరేచనాలకు వాడతారు. రెండోది, ఇవి తినే ఆహారంలో దొరుకుతాయి కానీ మన పేగుల్లో సహజంగా ఉండవని. తప్పు, లాక్టోబాసిలస్, బైఫిడోబ్యాక్టీరియా రెండూ మన పేగుల్లో ఉండేవే. మూడోది, పాలలోని చక్కెర అరగడానికి తోడ్పడతాయని. ఒప్పు, పెరుగు బ్యాక్టీరియా తన ఎంజైమ్‌తో లాక్టోజ్‌ను విరగ్గొడుతుంది. అందుకే పాలు పడని మా అమ్మకు పెరుగు పడుతుంది. ఒకటీ మూడూ సరైనవి.

"చచ్చిన జీవులు కూడా మేలు చేస్తాయి కదా, మరి ఇడ్లీ?" అని అడిగే అవకాశం ఉంది. దానికి పోస్ట్‌బయాటిక్ అని 2021లో వేరే నిర్వచనం వచ్చింది. నిర్జీవ సూక్ష్మజీవులతో చేసి, మేలు నిరూపించిన తయారీకే ఆ పేరు. ఇడ్లీకి ఆ నిరూపణ లేదు కాబట్టి అది అందులోకీ రాదు. ఆప్షన్లలో "పులియబెట్టిన ఆహారం" కనబడితే ఇడ్లీకి అదే పెట్టండి.