లాగే టేబుల్ మంచిదా, గోడకు మడిచేదా?

"మాది చిన్న ఫ్లాట్. లాగితే పొడవయ్యే డైనింగ్ టేబుల్ కొనాలా, గోడకు మడతపెట్టేది చేయించుకోవాలా? ఏది త్వరగా పాడవుతుంది?"

మా ఇంట్లో రెండూ వాడుతున్నాం. రెండింట్లోనూ ఇనుము అరగకముందే స్క్రూల పట్టు వదులుతుంది. అందుకే కొనేముందు వంగి టేబుల్ అడుగు భాగం చూడండి.

లాగే టేబుల్ అడుగున రెండు పక్కలా డ్రాయర్‌కి వేసేలాంటి ఛానెళ్లు ఉంటాయి. టేబుల్ తెరిచి మధ్యలో అదనపు పలక వేశాక, దాని బరువు, దానిమీద మోచేతులు ఆనించినవాళ్ల బరువు అంతా ఛానెళ్ల మీదే పడుతుంది. ఛానెల్ మధ్యలో కొద్దిగా కిందికి వంగి, ఖాళీకి దగ్గరగా ఉన్న స్క్రూలను చెక్కలోంచి కిందికి గుంజుతుంది. పార్టికల్ బోర్డు అయితే రంధ్రం లోపల పొడిపొడి అయిపోతుంది. మా టేబుల్‌కి అదే జరిగింది. అతుకు మీద వేలు నడిపితే మెట్టులా తగిలింది. కింద చూస్తే ఛానెల్‌కీ బోర్డుకీ మధ్య కాగితం దూరేంత సందు ఉంది, మొదటి స్క్రూ ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోంది.

పొడవు స్క్రూ వేద్దామంటే 18 మి.మీ. బోర్డు, పైకి పొడుచుకొస్తుంది. మా వడ్రంగి ఆ రంధ్రాన్ని 10 మి.మీ.కి పెద్దది చేసి, టేకు పుల్లను జిగురుతో దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, సన్నగా రంధ్రం చేసి పాత స్క్రూనే బిగించాడు. ఇప్పుడు గట్టిగా ఉంది. ఛానెల్ కరకరమంటే లోపలి దుమ్ము తుడిచి కాస్త గ్రీజు రాయండి. కొబ్బరి నూనె వద్దు, జిగటపడి దుమ్ము పట్టేస్తుంది. పక్కలకు ఊగుతుంటే మాత్రం రెండు ఛానెళ్లూ కలిపి మార్చాల్సిందే.

గోడ టేబుల్‌లో బరువు మోసేది బందు కాదు, కింద ఉండే మడత బ్రాకెట్. దాని గోడ వైపు స్క్రూల మధ్య దూరం 15 సెం.మీ. అనుకోండి. గోడకు 30 సెం.మీ. దూరంలో 10 కిలోలు పెడితే పై స్క్రూని గోడలోంచి లాగే బలం 20 కిలోలు. అదే బరువు 45 సెం.మీ. దూరంలో ఉంటే 30. పిల్లలు అంచు పట్టుకుని వేలాడితే ఎంతవుతుందో చూసుకోండి! పై స్క్రూ చుట్టూ సున్నం పొడి రాలుతోందంటే గోడ రంధ్రంలో స్క్రూని పట్టి ఉంచే ప్లగ్ వదులైనట్టే. తేలికపాటి బ్లాకుల గోడల్లో మామూలు ప్లగ్ త్వరగా వదులవుతుంది, వాటికి తగిన ప్లగ్ అడిగి వేయించండి.

రోజూ ఇద్దరే తింటూ, గట్టి ఇటుక గోడో కాంక్రీటు గోడో ఉంటే మడిచేది చేయించుకోండి. చుట్టాలొచ్చినప్పుడే పెద్ద టేబుల్ కావాలంటే లాగేదే నయం, కానీ పార్టికల్ బోర్డుది కాకుండా ప్లైవుడ్‌ది తీసుకోండి.