గంటల జీతం నుంచి ఏడాది జీతం: జీతం రాని రోజులు తీసేసి లెక్క

ప్రశ్న: గంటకు 500 ఇస్తామంటున్నారు. రోజుకు 8 గంటలు, వారానికి 5 రోజులు. పండగ సెలవులకు, లీవుకు డబ్బు ఇవ్వరట. ఇప్పుడున్న ఉద్యోగంలో సెలవులకూ జీతం వస్తుంది, ఏడాదికి 9,60,000. మారితే నిజంగా లాభమేనా?

జవాబు: ఇదే రేటుకైతే లాభం లేదు, కొంచెం నష్టమే. నేను కొన్నేళ్లుగా గంటల లెక్క మీదే పనిచేస్తున్నాను. కొత్త చోట ఒప్పుకునే ముందు ప్రతిసారీ చేసే లెక్క ఇదే.

అందరూ ముందు 40 గంటలను 52 వారాలతో గుణిస్తారు. 2,080 గంటలు, అంటే 10,40,000. మీ ఇప్పటి జీతం కంటే 80,000 ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఏడాదిలో ఒక్క పనిరోజు కూడా మానకుండా వెళ్తేనే ఆ మొత్తం చేతికొస్తుంది.

అందుకే వారాలు వదిలేసి రోజులు లెక్కపెట్టండి. శని, ఆదివారాలు పోతే ఏడాదికి 260 నుంచి 262 పనిరోజులు ఉంటాయి. 260 అనుకుందాం. ఇందులోంచి జీతం రాని రోజులు తీసేయాలి. పండగ సెలవుల్లో పనిరోజున పడేవాటినే తీయండి. ఆదివారం వచ్చిన పండగకు మీకు ఎలాగూ డబ్బు రాదు, దాన్ని మళ్లీ తీస్తే రెండుసార్లు తీసినట్టు. సెలవుల జాబితాను క్యాలెండర్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ పనిరోజున పడిందో లేదో చూస్తే పావుగంటలో తేలిపోతుంది. అలా 10 రోజులు తేలాయనుకోండి. సొంత పనులకు, ఊళ్లకు 15 రోజులు. జ్వరానికీ, పిల్లలకు బాగోలేకపోవడానికీ 5 రోజులు. ఈ చివరి 5 రోజులను చాలామంది వేసుకోరు. దయచేసి వేసుకోండి, జ్వరం మన బడ్జెట్ చూసి రాదు.

మొత్తం 30 రోజులు పోగా 230 మిగిలాయి. రోజుకు 8 గంటల చొప్పున 1,840 గంటలు. 500తో గుణిస్తే 9,20,000. అంటే మీ ఇప్పటి జీతం కంటే 40,000 తక్కువ. ఇప్పుడున్న చోట కూడా మీరు ఇన్ని రోజులే సెలవు పెట్టినా జీతం కోత పడదని అనుకుని చెబుతున్నాను. అక్కడ జీతంతో వచ్చే లీవు ఇంతకంటే తక్కువైతే, దానికి మించి పెట్టిన రోజులకు పడే కోతను 9,60,000లోంచి తీసేసి పోల్చండి.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. 9,60,000ని 1,840తో భాగిస్తే దాదాపు 522 వస్తుంది. ఆ రేటుకు రెండు ఉద్యోగాలూ సమానం. మారినందుకు ఏమైనా మిగలాలంటే అంతకంటే పైన అడగాలి. ఇక్కడ శాతాలతో బేరమాడకండి. 260లో 30 రోజులు పోతే ఆదాయం సుమారు 11.5 శాతం తగ్గుతుంది. కానీ ఆ లోటు పూడాలంటే రేటు 13 శాతం పెరగాలి, ఎందుకంటే పెంచిన రేటు మిగిలిన 230 రోజులకే వర్తిస్తుంది. అవతలివాళ్లు "11 శాతం పెంచాం, సరిపోయింది కదా" అన్నప్పుడు ఈ తేడా దగ్గరే మనం ఆగి మాట్లాడాలి.

ఇంకో విషయం తప్పకుండా అడగండి: ఆ 8 గంటల్లో భోజనం టైమ్ కలిసి ఉందా? పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా అని చెప్పి, టైమ్‌షీట్‌లో మాత్రం 7.5 అని వేయించుకునే చోట్లు ఉన్నాయి. నేను పనిచేసిన ఒకచోట అదే పద్ధతి. చూడ్డానికి అరగంటే, కానీ 230 రోజులకు 115 గంటలు. మీ రేటులో 57,500. అప్పుడు ఏడాదికి వచ్చేది 8,62,500. సమానం కావాల్సిన రేటు కూడా 522 నుంచి దాదాపు 557కి పోతుంది. సెలవుల కంటే ముందు ఈ ప్రశ్నే అడగాలని నేనంటాను. ఏడాది చివర ఆఫీసు మూసేసి అందర్నీ ఇంటికి పంపే అలవాటుందా అని కూడా కనుక్కోండి. ఉంటే ఆ రోజులు పైన చెప్పిన 30కి కలుస్తాయి.

చివరగా నెల ఖర్చుల సంగతి. 9,20,000ని 12తో భాగిస్తే నెలకు దాదాపు 76,700. కానీ ఏ నెలా సరిగ్గా అంత రాదు. 22 పనిరోజులున్న నెలలో రోజూ వెళ్తే 88,000 వస్తుంది. అలాంటి నెలలోనే 4 పండగలు, 3 రోజుల సొంత లీవు పడితే 60,000 వస్తుంది. ఈఎంఐలు, అద్దె కలిపి ఆ 60,000లో సర్దుకునేలా ఉంటే టెన్షన్ ఉండదు. బాగా వచ్చిన నెలల్లో 76,700 దాటిన డబ్బును వేరే ఖాతాలో వేసి, పండగల నెలలో అందులోంచి తీసుకోండి.